జీతం తాత్కాలికంగా తగ్గిస్తున్నారా? ఎన్ని నెలలు, ఎవరికి, మళ్లీ ఎప్పుడు... ఇవి కాగితం మీద ఉండాల్సిందే

గట్టు, మల్దకల్, ధరూర్ వైపు సీడ్ పత్తి పైసలు ఆలస్యమైతే దాని దెబ్బ రైతుతో ఆగదు. రైతు ఎరువుల దుకాణంలో ఉద్దెర కట్టలేడు. దుకాణం యజమాని డీలర్‌కు కట్టలేడు. చివరికి ఆ ఒత్తిడి కౌంటర్ దగ్గర నిలబడే సేల్స్‌మన్ జీతం మీద పడుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లోని బట్టల షాపులు, చిన్న ప్రైవేటు స్కూళ్లు, మెకానిక్ షెడ్లలో కూడా గిరాకీ పడిపోయిన నెలల్లో జరిగేది ఇదే.

అలాంటప్పుడు చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది. "భాయ్, ఈ నెల గిరాకీ లేదు, సగం తీసుకో, మిగతాది తర్వాత చూద్దాం." చెప్పే సేఠ్ మనసులో మోసం ఉండకపోవచ్చు. కానీ ఆ ఒక్క మాటలో జవాబు లేని ప్రశ్నలు నాలుగున్నాయి. మిగతా సగం తర్వాత ఇస్తారా, లేక అది పోయినట్టేనా? ఈ ఒక్క నెలేనా, ఇంకా నెలలున్నాయా? నాకొక్కడికేనా, అందరికీనా? ఏం జరిగితే పూర్తి జీతం మళ్లీ మొదలవుతుంది?

ఈ నాలుగింటికీ జవాబు ఉంటేనే అది తాత్కాలిక తగ్గింపు. లేకపోతే పేరుకే తాత్కాలికం, నిజానికి కొత్త జీతం అదే. మన రాష్ట్రంలోనే లక్షల మంది ఉద్యోగులు 2020లో ఈ తేడాను అనుభవించారు.

2020 మార్చి 30: తెలంగాణలో ఏం జరిగింది

కరోనా లాక్‌డౌన్ మొదలైన వారం రోజులకే రాష్ట్ర ఆదాయం పడిపోయింది. 2020 మార్చి 30న తెలంగాణ ఆర్థిక శాఖ జీవో నంబర్ 27 ఇచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, కార్పొరేషన్ చైర్మన్లు, స్థానిక సంస్థల ప్రతినిధులకు 75 శాతం ఆపారు. ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారికి 60 శాతం. మిగతా ఉద్యోగులకు 50 శాతం. నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి 10 శాతం. పెన్షనర్లకు కూడా సగం ఆపారు.

ఇందులో ఒక విషయం బాగా చేశారు. ఎవరికి ఎంత అన్నది మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. పైన ఉన్నవారికి ఎక్కువ, కింద ఉన్నవారికి తక్కువ. దీని వెనుక లెక్క ఉంది. 15 వేలు వచ్చే ఇంట్లో అద్దె, బియ్యం, పిల్లల ఫీజు పోగా మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అక్కడ సగం ఆపితే ఆ ఇల్లు నెల తిరిగేలోపు అప్పులోకి వెళ్తుంది. లక్ష వచ్చే ఇంట్లో సగం ఆగితే కష్టమే, కానీ పొయ్యి వెలుగుతుంది.

గందరగోళం వచ్చింది మిగతా విషయాల్లో. బయట అందరూ 'కోత' అన్నారు. ఉత్తర్వులో ఉన్న మాట మాత్రం 'వాయిదా'. రెండింటికీ చాలా తేడా ఉంది. కోత అంటే ఆ డబ్బు పోయింది. వాయిదా అంటే ఆ డబ్బు బాకీ, ఎప్పుడో ఒకప్పుడు రావాలి. ఎన్ని నెలలు ఆపుతారు, బాకీ ఎప్పుడు తీరుస్తారు అన్నది ఉద్యోగులకు మొదట్లో తెలియలేదు. వైద్య, పోలీసు సిబ్బందికి పూర్తి జీతం ఇవ్వాలని తర్వాత నిర్ణయించారు. పెన్షనర్లకు ఆపే భాగాన్ని తర్వాతి నెలలో 25 శాతానికి తగ్గించారు. అలా నెల నెలా కబురు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

విషయం హైకోర్టుకు వెళ్లింది. ఏ చట్టం కింద పెన్షన్ ఆపారు అన్న ప్రశ్న వచ్చింది. జూన్ మధ్యలో ప్రభుత్వం దీనికోసమే ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబర్‌లో దాన్ని చట్టం చేసింది. అంటే జీతం ముందు ఆపారు, చట్టపు ఆధారం తర్వాత వచ్చింది. జూన్ నెల నుంచి పూర్తి జీతాలు మొదలయ్యాయి. మార్చి, ఏప్రిల్, మే నెలల బాకీని అక్టోబర్ నుంచి వాయిదాల్లో ఇచ్చారు. పెన్షనర్లకు రెండు వాయిదాలు, ఉద్యోగులకు నాలుగు.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కూడా అదే సమయంలో అలాంటి వాయిదా జరిగింది. అక్కడ రిటైరైన ఒక జిల్లా జడ్జి హైకోర్టులో కేసు వేశారు. ఆపిన డబ్బును 12 శాతం వడ్డీతో ఇవ్వాలని 2020 ఆగస్టులో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, అసలు వడ్డీయే వద్దు అనలేదు. చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అని, ఆలస్యమైన డబ్బుకు వడ్డీ ఇవ్వడం శిక్ష కాదని చెప్పింది. ఆలస్యానికి ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదు ఎవరో ఒకరు మోస్తారు అన్నదే అసలు విషయం.

ప్రైవేటు యజమానుల విషయం కూడా అదే ఏడాది సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. లాక్‌డౌన్ రోజులకు పూర్తి జీతం ఇవ్వాలన్న కేంద్ర ఉత్తర్వు మీద జరిగిన కేసులో 2020 జూన్ 12న కోర్టు మధ్యంతర ఆదేశం ఇస్తూ, యజమానులు, కార్మికులు కూర్చుని మాట్లాడుకుని ఒప్పందానికి రావాలని చెప్పింది. మన చిన్న దుకాణాలకు పనికొచ్చే దారి ఇదే. ముందు కూర్చుని మాట్లాడాలి, తర్వాత కాగితం మీద పెట్టాలి.

ఒక దుకాణం లెక్క

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. గట్టులో ఒక విత్తనాలు, ఎరువుల దుకాణం ఉందనుకోండి. సీజన్‌లో రైతులకు ఇచ్చిన ఉద్దెర 12 లక్షలు. సీడ్ కంపెనీల నుంచి రైతులకు పైసలు రాలేదు, కాబట్టి ఉద్దెర వసూలు కావడం లేదు. డీలర్‌కు కట్టాల్సిన వాయిదా, అద్దె, కరెంటు, జీతాలు కలిపి చూస్తే నెలకు 30 వేలు తక్కువ పడుతోంది.

జీతాలు ఇలా ఉన్నాయి. లెక్కలు చూసే గుమస్తాకు 30 వేలు. ఇద్దరు సేల్స్‌మన్లకు చెరి 20 వేలు. ఆటో డ్రైవర్‌కు 18 వేలు. వాచ్‌మన్‌కు 13 వేలు. మొత్తం లక్షా వెయ్యి. యజమాని ఇంటి ఖర్చుకు దుకాణం నుంచి నెలకు 40 వేలు తీసుకుంటాడు. బస్తాల లెక్కన కూలి తీసుకునే హమాలీలు ఈ జాబితాలో లేరు. వాళ్లకు పని తగ్గితే కూలి ఎలాగూ తగ్గింది, బస్తా రేటు కూడా తగ్గిస్తే రెండు దెబ్బలు కొట్టినట్టే.

అందరికీ సమానంగా 30 శాతం కోస్తే 30 వేలు మిగులుతాయి. లెక్క సులువే. కానీ వాచ్‌మన్ చేతికి 9,100 వస్తాయి. అది కనీస వేతనం కంటే కిందికి పోతుంది. కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి ఉద్యోగి సంతకం ఉన్నా చట్టం ఒప్పుకోదు. మన రాష్ట్రంలో కరువు భత్యంతో ఈ అంకె ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. కాబట్టి లెక్క వేయకముందే కార్మిక శాఖ ఆఫీసులో మీ పనికి ఇప్పుడున్న అంకె అడిగి తెలుసుకోవాలి.

మెట్ల ప్రకారం వేస్తే ఇలా వస్తుంది. యజమాని తన 40 వేలలో సగం వదులుకుంటాడు, 20 వేలు. గుమస్తాకు 20 శాతం, 6 వేలు. సేల్స్‌మన్లకు 10 శాతం, చెరి 2 వేలు. డ్రైవర్‌కు 10 శాతం, 1,800. వాచ్‌మన్‌కు ఏమీ లేదు. సిబ్బంది నుంచి 11,800, యజమాని నుంచి 20 వేలు. మొత్తం 31,800. లోటు పూడుతుంది. సిబ్బందికి చెప్పేటప్పుడు యజమాని ముందుగా తన 20 వేల సంగతి చెప్పాలి. లేకపోతే మిగతా మాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

కోతా, వాయిదానా?

దీనికి జవాబు వచ్చే పైసల్లో ఉంది. ఈ దుకాణానికి ఉద్దెర రూపంలో 12 లక్షలు రావాల్సి ఉంది. పైసలు ఆలస్యమయ్యాయి, పోలేదు. కాబట్టి ఇక్కడ న్యాయమైనది వాయిదా. మూడు నెలలు ఆపితే సిబ్బందికి బాకీ 35,400 అవుతుంది. దాన్ని తర్వాత మూడు నెలల్లో తీర్చవచ్చు. పుస్తకంలో మాత్రం ప్రతి నెలా పూర్తి జీతం ఖర్చు రాసి, ఇవ్వని భాగాన్ని 'చెల్లించాల్సిన జీతాలు' కింద బాకీగా చూపాలి. అలా రాయకపోతే ఏడాది చివర ఆ బాకీ ఎవరికీ కనబడదు. కనబడనిది ఇవ్వడం మరచిపోతారు.

అదే దుకాణానికి పక్కన పెద్ద షోరూమ్ వచ్చి గిరాకీ శాశ్వతంగా పోయిందనుకోండి. అప్పుడు 'వాయిదా' అని చెప్పడం ఆశ పెట్టడమే. ఆ పరిస్థితిలో కోత అని నేరుగా చెప్పాలి. ఉండాలో, వేరే పని చూసుకోవాలో అప్పుడు ఉద్యోగి నిర్ణయించుకోగలడు.

ముందు మాట, తర్వాత కాగితం

పని చేసేవారి జీతాన్ని యజమాని తనంతట తాను ఒక్క రోజులో మార్చకూడదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్ జీతం మార్పుకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వమంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కూడా ఈ 21 రోజుల నియమం ఉంది. జనవరి జీతం నుంచి తగ్గించాలంటే డిసెంబర్ 10 లోపే కాగితం చేతికి అందాలి. ఇప్పటికే పని చేసేసిన నెలకు వెనక్కి వెళ్లి తగ్గించడం అసలు కుదరదు. ప్రైవేటు స్కూల్ టీచర్లు ఆ పాత చట్టంలోని 'కార్మికుడు' అన్న నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు గతంలో చెప్పింది. అయినా వారికి నియామక పత్రమే ఒప్పందం, దాన్ని మార్చాలంటే వారి సమ్మతి కావాలి.

కాగితం ఇచ్చే ముందు రోజు అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పడం మంచిది. ఒకరికి గోదాములో, ఒకరికి ఫోన్‌లో చెబితే సాయంత్రానికి మూడు రకాల కథలు ఊరంతా తిరుగుతాయి. ఆ తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. ఎవరికి ఇంటి లోన్ కిస్తీ ఉందో, ఎవరింట్లో పెళ్లి ఉందో అప్పుడే బయటపడుతుంది. కాగితం చదివేవారికి వచ్చిన భాషలో ఉండాలి. గట్టు వైపు కొందరికి తెలుగు, కొందరికి ఉర్దూ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల వారికి కన్నడ సులువు. అర్థం కాని ఇంగ్లిష్ కాగితం మీద పెట్టించుకున్న సంతకం రేపు గొడవకే పనికొస్తుంది.

గుమస్తాకు ఇచ్చే కాగితం ఇలా ఉండవచ్చు:

"తేదీ: డిసెంబర్ 8. రైతుల నుంచి రావాల్సిన 12 లక్షల ఉద్దెర వసూలు కానందున దుకాణానికి నెలకు 30 వేల రూపాయలు తక్కువ పడుతోంది. అందుకని జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు మీ జీతం 30,000లో 20 శాతం, అంటే నెలకు 6,000 రూపాయలు వాయిదా వేస్తున్నాము. ఈ మూడు నెలలు మీ చేతికి 24,000 వస్తుంది. యజమాని తన నెల ఖర్చులో సగం తగ్గించుకున్నారు. సేల్స్‌మన్లకు, డ్రైవర్‌కు 10 శాతం వాయిదా ఉంటుంది. వాచ్‌మన్‌కు వాయిదా లేదు.

ఉద్దెరలో 7 లక్షల 20 వేలు వసూలైతే, ఆ నెల నుంచే పూర్తి జీతం మొదలవుతుంది. వసూలు కాకపోయినా మార్చి 31తో ఈ ఏర్పాటు ముగుస్తుంది, ఏప్రిల్ జీతం పూర్తిగా ఇస్తాము. పొడిగించాలంటే మళ్లీ కూర్చుని మాట్లాడి కొత్త కాగితం ఇవ్వాలి. వసూలు ఎంతైందో ప్రతి నెల 5వ తేదీన అందరికీ చెబుతాము.

వాయిదా వేసిన మొత్తం 18,000ను ఏప్రిల్, మే, జూన్ జీతాలతో నెలకు 6,000 చొప్పున ఇస్తాము. ఈలోగా మీరు పని మానేసినా, మేము మాన్పించినా, వాయిదా మొత్తం చివరి లెక్కలోనే ఇస్తాము. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, జీతం సర్టిఫికెట్ అన్నీ 30,000 లెక్కనే ఉంటాయి. పని గంటలు మారవు."

కింద ఇద్దరి సంతకాలు, ఒక కాపీ ఉద్యోగికి.

ఈ కాగితంలో ఎక్కువ మంది వదిలేసేది షరతు. 'బిజినెస్ కోలుకున్నాక' అని రాస్తారు. కోలుకున్నదో లేదో చెప్పేది యజమాని ఒక్కడే కాబట్టి ఆ షరతు షరతే కాదు. పై కాగితంలో 7 లక్షల 20 వేలు అన్నది 12 లక్షల్లో 60 శాతం. వసూలు పుస్తకం చూసి గుమస్తా కూడా లెక్క వేయగల అంకె అది. దాని పక్కనే మార్చి 31 అన్న ఆఖరి తేదీ ఉంది. ఈ రెండింటిలో ఏది ముందొస్తే దానితో వాయిదా ఆగుతుంది. అంకె లేకుండా తేదీ ఒక్కటే పెడితే పైసలు ముందే వచ్చినా ఉద్యోగికి లాభం లేదు. తేదీ లేకుండా అంకె ఒక్కటే పెడితే అది ఏళ్ల తరబడి సాగవచ్చు.

చివరి పేరాలోని వాక్యాలు కూడా చిన్నవి కావు. గ్రాట్యుటీ చివరి జీతం మీద లెక్క వేస్తారు. తగ్గించిన నెలల్లోనే మనిషి పని మానేస్తే, ఏళ్ల సర్వీసు మొత్తం తక్కువ అంకెతో గుణించే ప్రమాదం ఉంది. బ్యాంకు లోన్‌కు జీతం సర్టిఫికెట్ అడిగితే కూడా ఇదే చిక్కు. పీఎఫ్ కట్టే సంస్థల్లో జీతం వాయిదా పడినంత మాత్రాన పీఎఫ్ తగ్గించకూడదు, ఎందుకంటే ఆ జీతం ఉద్యోగి అప్పటికే సంపాదించేశాడు.

రంజాన్, ఉగాది, దసరా లాంటి పండగ ఈ నెలల్లో పడితే అడ్వాన్స్ ఇస్తారా లేదా అన్నది కూడా ముందే చెప్పాలి. పండగ రెండు రోజులుందనగా 'లేదు' అనడం కంటే డిసెంబర్‌లోనే 'ఈసారి సగమే' అనడం నయం. ఇంట్లో వాళ్లు దానికి తగ్గట్టు చూసుకుంటారు.

ఎక్కడ తప్పుతుంది, ఎలా తెలుస్తుంది

మొదటి గుర్తు 5వ తేదీ. వసూలు చెబుతామన్న రోజున ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏర్పాటు జారిపోతోందని అర్థం. రెండోది, తగ్గింపు నడుస్తున్న నెలల్లోనే పూర్తి జీతంతో కొత్త మనిషిని పెట్టుకోవడం, లేదా యజమాని ఇంటి ముందు కొత్త కారు. ఆ లోటు నిజమేనా అన్న అనుమానం అక్కడే పుడుతుంది. మూడోది, జీతం తగ్గినా పని పెరగడం. ఇద్దరి పని ఒకడు చేస్తూ 18 వేలు తీసుకుంటే అది తగ్గింపు మీద తగ్గింపు. నాలుగోది, ఏప్రిల్ వచ్చినా ఎవరూ ఆ ఊసే ఎత్తకపోవడం.

ఉద్యోగి వైపు నుంచి చేయాల్సింది ఎక్కువేమీ లేదు. నోటి మాటగా చెబితే 'సరే సేఠ్, కాగితం మీద రాసివ్వండి' అని అడగాలి. రాసివ్వకపోతే తానే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టవచ్చు: "మీరు ఈ రోజు చెప్పినట్టు జనవరి నుంచి మార్చి వరకు నెలకు 2,000 వాయిదా, ఏప్రిల్ నుంచి తిరిగి ఇస్తారు అని నేను అర్థం చేసుకున్నాను." తేదీతో ఉన్న ఆ మెసేజ్ తర్వాత ఆధారం అవుతుంది. జీతం నగదు రూపంలో తీసుకునేవారు ప్రతి నెలా అందిన మొత్తం నోట్‌బుక్‌లో రాసి సంతకం తీసుకోవాలి. పూర్తి మొత్తానికి సంతకం పెట్టించుకుని తక్కువ ఇస్తే ఆ సంతకం పెట్టకూడదు. అది వాయిదాకు కాగితం కాదు, బాకీ లేదన్న రసీదు. మాట తప్పితే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు.

2020లో తెలంగాణ ఉద్యోగికి బాకీ చివరికి అందింది, ఎందుకంటే ఉత్తర్వులో 'వాయిదా' అన్న మాట ఉంది, వెనుక ప్రభుత్వం ఉంది. గట్టులోని సేల్స్‌మన్ వెనుక అంత బలం లేదు. అతనికి ఉన్నది ఆ కాగితం ఒక్కటే. డిసెంబర్ 8న అది రాయడానికి యజమానికి అరగంట పడుతుంది.